పొట్టి కాగితం

నా దరఖాస్తులో రెండో కాగితం మొదటిదానికన్నా నాలుగు వేళ్లు పొట్టిగా ఉంటుంది. ఆ కాలేజీ దస్త్రాల్లో ఇప్పటికీ అలాగే ఉండి ఉంటుంది. రెండు కాగితాలూ ఒకే కొలతవి. ఒకదాన్ని కోసింది నేనే. సిద్దిపేట తహసీలు కచేరీ వరండాలో, స్టీలు స్కేలు పెట్టి, పెన్సిలు చెక్కుకునే బ్లేడుతో కోశాను. మా బాపు పక్కనే నిలబడి చూశాడు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన తర్వాతి ఏడాది అది. హైదరాబాదు పట్నంలో టెక్నికల్ స్కూలు చదువు పూర్తి చేసి, ఊరికొచ్చి రైసుమిల్లులో ఆయిల్ ఇంజను చూసుకునే పనిలో ఉన్నాను. మా సంస్థానం అవతల, తెల్లవాళ్లు ఏలే ఇంగ్లీషు ఇలాకాలో ఒక ఇంజనీరింగు కాలేజీ, నాలాగా చేతిపని చదువు చదివినవాళ్లకు కొన్ని సీట్లు ఇస్తున్నట్టు పత్రికలో ప్రకటన వేసింది. మార్కులతో పాటు రెండు కాగితాలకు మించకుండా ఒక వాంగ్మూలం రాయమన్నారు. ఏం నేర్చుకున్నావు, ఏం పని చేశావు, ఎందుకు చదవాలనుకుంటున్నావు, అంతే. అభ్యర్థి వయసుకు ఒక హద్దు పెట్టారు. నాకు ఆ హద్దు ఆ ఏటితో సరి. ఈసారి రాకపోతే ఇక రాదు.

మొదటి మూడు పేరాలు నాకు కష్టం కాలేదు. ఒకదాంట్లో టెక్నికల్ స్కూల్లో నేర్చుకున్నవి రాశాను. రెండోదాంట్లో మిల్లు ఇంజను సంగతి. మూడోదాంట్లో రాయపోల్ దగ్గర ఒక దొర బావి మీద పెట్టించిన పంపు కథ. ఆ పంపు చలికాలంలో బాగా నడిచింది. ఎండలు ముదిరేసరికి నీళ్లు ఎక్కడం మానేసింది. ఇంజను పాడైందన్నారు, కంపెనీ మోసమన్నారు, చివరికి బావికి దిష్టి తగిలిందని కోడిని కూడా కోశారు. నన్ను పిలిపించారు. ఇంజను నిక్షేపంగా ఉంది. నీళ్లు దిగిపోయాయి, పంపు మాత్రం ఒడ్డునే ఉంది. పంపు నీటిని పీల్చగలిగే లోతుకు ఒక హద్దుంది. ఆ హద్దు దాటితే ఎంత పెద్ద ఇంజను పెట్టినా గాలి తప్ప నీరు రాదు. మోటకు ఆ బాధ లేదు, తోలు బొక్కెన నీళ్లదాకా దిగుతుంది గనక. బావిలో సగం లోతున బండ మీద గద్దె కట్టించి పంపును అక్కడికి దింపించాను. నీళ్లు వచ్చాయి.

ఇది రాశాక ఆగిపోయాను. నాలుగో పేరా, చివరిది, ఎట్లా రాయాలో తెలియలేదు. ఆపేస్తే తలుపు తెరిచిపెట్టి వెళ్లిపోయినట్టుంది. ఇంకా రాద్దామంటే రాయడానికి ఏమీ లేదు.

మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన సారు దగ్గరికి పోయాను. ఆయన నా మూడు పేరాలూ మెచ్చుకున్నారు. తర్వాత ఎర్రసిరా తీసి, కింద తనే నాలుగో పేరా రాసి ఇచ్చారు. చదివాను. టెక్నికల్ స్కూల్లో నేర్చుకున్నానన్న సంగతి మళ్లీ ఉంది, మిల్లు ఇంజను మళ్లీ ఉంది, రాయపోల్ పంపు మళ్లీ ఉంది. ముందు 'ఈ విధంగా' అనే మాట చేరింది. వ్యాసానికి ముగింపంటే చెప్పినదాన్ని కూడగట్టడమేనని, అది తను చదువుకున్నప్పటి నుంచీ ఉన్న పద్ధతని ఆయన అన్నారు.

నాకు డ్రాయింగు చెప్పిన మాస్టరు గుర్తొచ్చారు. ఒక యంత్రభాగాన్ని ముందునుంచి, పైనుంచి, పక్కనుంచి గీస్తాం. ఒకే వైపును రెండుసార్లు గీస్తే వర్క్‌షాపులో మనిషి అవి రెండు భాగాలనుకుని రెండు చేసి పెడతాడు. ఇంకో బొమ్మ గీసే చోటుంటే, అప్పటిదాకా కనిపించని వైపు చూపించాలి. సారుకు ఇదే చెప్పాను.

"రెండు కాగితాలే గద సారూ. రెండో కాగితానికొచ్చేటాల్లకు మొదటిది మర్చిపోయేటోళ్లు నన్నేం జూస్తరు?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కోపగించలేదు. "నీ ఇష్టం రా. సీటు రాకుంటే మాత్రం నా పేరు జెప్పకు. వస్తే జెప్పు," అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లు చివరి పేరా నన్ను మిల్లులో కూడా వదల్లేదు. ఇంజను నడుస్తుంటే పక్కన కూర్చుని, ముందు రాసిన మూడు పేరాల్లో లేనిదేమిటని వెతికేవాణ్ని. చివరికి దొరికింది రాయపోల్ బావి దగ్గరే. పంపు దింపించిన వారానికి అక్కడి జీతగాడు మిల్లుకు ధాన్యం తెచ్చాడు. పంపు బాగానే ఉందిగానీ మధ్యాహ్నానికల్లా బావి అడుగంటుతోందని, పంపు ఆపి ఎంతసేపు ఊరనియ్యాలో అయ్యగారు అడగమన్నారని చెప్పాడు. నాకు తెలియదన్నాను. ఎవరికి తెలుస్తుందని అడిగాడు. ఆలోచిస్తే, ఎవరికీ తెలియదు. మా తాలూకాలో బావుల లోతులు అందరూ చెబుతారు. అందులో నీళ్లు ఎంత వేగంగా ఊరతాయో ఎవరూ కొలవలేదు. మోట తోలేటప్పుడు ఎడ్లు అలిసి ఆగేవి, ఆ లోపల బావి ఊరేది. ఇంజను అలవదు. అందుకే ఇప్పుడు ఈ ప్రశ్న వచ్చింది.

ఆ రోజే నాలుగో పేరా రాశాను. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెబితే ఇంత:

"వచ్చే ఎండాకాలం సెలవుల్లో మా తాలూకాలో మూడు బావుల దగ్గర పంపో మోటో నడిచేటప్పుడు నీరు ఎంత దిగుతుందో, ఆపిన తర్వాత ఎంతసేపట్లో తిరిగి ఊరుతుందో కొలుస్తాను. ఆ కొలతలు మీ ప్రయోగశాలకు తెచ్చి, ఏ బావికి ఏ పంపు సరిపోతుందో పరీక్షించడం నేర్చుకుంటాను. చదువు అయ్యాక నేను పనిచేసేది ఈ బావుల దగ్గరే. కొలతలు ఏం చెబుతాయో నాకింకా తెలియదు."

అక్కడ ఆపాను. చేర్చడానికి ఏమీ కనిపించలేదు.

దాన్ని టైపు చేయించాలి. మా ఊళ్లో బయటివాళ్లకు అందుబాటులో ఉన్న టైపు మిషను ఒకటే, కచేరీ వరండాలో అర్జీలు రాసే మున్షీ సాబ్‌ది. పెద్దమనిషి. ఉర్దూ అర్జీలు చేత్తో, ఇంగ్లీషు అర్జీలు మిషను మీద రాసేవాడు. మా బాపు అదే కచేరీలో చప్రాసీ, బిళ్ల బంట్రోతు. ఇద్దరూ ఇరవయ్యేళ్లుగా ఒకే వరండాలో ఉన్నవాళ్లు. పొద్దున బాపు ఆయన ముందు నీళ్ల కూజా పెడితే, ఆయన తన పాన్‌డబ్బా బాపు వైపు జరిపేవాడు. మా చిన్నప్పుడు ఎవరికి జ్వరం వచ్చినా దువా చదివి ఊదించడానికి బాపు ఆయన దగ్గరికే తీసుకుపోయేవాడు.

నేను రాసింది మున్షీ సాబ్ మొత్తం చదివాడు. చివరికొచ్చి కాగితం తిప్పి చూశాడు, వెనకవైపు ఏమైనా ఉందేమోనని. లేదు.

"బేటా, గిది అయిపోలే. ఆఖరు ఏది?"

ఇదే ఆఖరన్నాను. ఆయన బాపు వైపు చూశాడు. అర్జీ అంటే తలుపు కొట్టడమని, కొట్టినవాడు సలాం చేయకుండా నిలబడితే లోపలివాళ్లు దొంగో అప్పులోడో అనుకుంటారని నిదానంగా చెప్పాడు. తను రాసిన ఏ అర్జీ అయినా ఒకే విధంగా ముగుస్తుందట. తమరు దయామయులు, ఈ దీనుడి మీద కరుణ చూపితే తమ ఆయురారోగ్య ఐశ్వర్యాల కోసం ఎల్లకాలం దువా చేస్తూ పడి ఉంటాడు, అని. నాకు ఆ వాక్యం వద్దన్నాను. తల ఊపాడు. ఆ తల ఊపడాన్ని ఒప్పుకోవడమనుకుని మిల్లుకు వెళ్లిపోయాను.

ఆ సాయంత్రం బాపు ఇంట్లో ఈ మాట ఎత్తాడు. అరవలేదు. బాపు అరవడం నేనెప్పుడూ వినలేదు.

"అడుక్కునుడు గాదురా గది. అదబు. పెద్దోళ్ల ముందటికి చెప్పులిడిసి పోతమా లేదా?"

"మొదటి లైన్లనే ఇడిసిన బాపూ. మహాశయా అని రాసిన గద. మల్ల ఆఖరికి కాళ్లు గూడ ఇడిసి రమ్మంటే ఎట్ల?"

మా అమ్మ నవ్వింది. బాపు నవ్వలేదు. తను ఆ అదబుతోనే మమ్మల్ని పెంచాడని, తలుపు దగ్గర వంగడం వల్లే నాకు టెక్నికల్ స్కూలు ఫీజు మాఫీ అయిందని అన్నాడు. అది నిజమే. వాక్యం మాత్రం వద్దని మళ్లీ చెప్పాను.

మర్నాడు పొద్దున టపా సంచి హైదరాబాదు బస్సులో పోవాలి. ఆ రోజు తప్పితే కాగితం గడువులోపల చేరదు. నేను కచేరీకి పోయేసరికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. సంతకం కోసం మున్షీ సాబ్ నా ముందు పెట్టాడు. మొదటి కాగితం బాగుంది. రెండో కాగితంలో నా నాలుగో పేరా ఉంది. దాని కింద చాలా ఖాళీ. ఖాళీ కింద, కాగితం అడుగున, రెండు వరుసల్లో దయామయులు, దీనుడు, ఆయురారోగ్యాలు, దువా.

నేను అడగకముందే ఆయన చెప్పేశాడు. పని లేని పూటల్లో కట్టకట్ట కాగితాల అడుగున ఆ రెండు వరుసలూ ముందే కొట్టి పెట్టుకుంటాడట. ఎవరైనా వచ్చినప్పుడు పై భాగం నింపితే సరిపోతుంది.

"కడుపు మారుతది బేటా, కాళ్లు మారయి. భూమి తగాద గాని, సర్కారు తక్కావీ అప్పు గాని, నౌకరీ గాని, ఆఖరు ఒక్కటే. నీది గూడ గా కట్టలకెల్లి తీయమని మీ బాపే చెప్పిండు."

బాపు స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు, ఛాతీ మీది ఇత్తడి బిళ్ల సర్దుకుంటూ.

నాకు అప్పుడు కోపం వచ్చింది. బాపు మీద కాదు, మున్షీ సాబ్ మీద కూడా కాదు. నేను ఇంకా రాకముందే, నేనేం అడుగుతానో తెలియకముందే, రాయపోల్ బావి ఎండకముందే నా ఆఖరు రాసి పెట్టి ఉంది. ఆ రెండు వరుసలు ఎవరి అర్జీ కిందనైనా ఉండొచ్చు. భూమి పోయినవాడి కింద ఉన్నాయి, కొడుకు జైలుకు పోయినవాడి కింద ఉన్నాయి. ఎవరికైనా సరిపోయేది నాదెట్లా అవుతుంది? నాకు సీటు ఇస్తే ఏం చేస్తానో అందులో ఒక్క ముక్క లేదు. దువా చేస్తూ పడి ఉంటానట. పడి ఉండడానికైతే కాలేజీ ఎందుకు?

మళ్లీ కొట్టమని అడిగాను. ఆయన నలిగిపోయిన మిషను రిబ్బను చూపించి, కొత్తది బస్సులో రావాలన్నాడు. అబద్ధం కాదు. నా నాలుగో పేరా చివరి వరుసలే బూడిదరంగులో పడ్డాయి. సిరాతో కొట్టేస్తానన్నాను. ఇరవయ్యేళ్లలో తన కాగితం మీద ఎవరూ గీత గీయలేదని ఆయన మొహం ముడుచుకున్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. కొట్టేసిన కాగితం నాకూ నచ్చదు. డ్రాయింగులో గీత తప్పితే దానిమీద కొట్టేయం, బ్లేడుతో తీసేస్తాం.

నా సంచిలో పనిముట్ల డబ్బా ఉంది. స్కేలు తీశాను. నాలుగో పేరా కింద సంతకానికి కావలసిన జాగా కొలిచి, పెన్సిలుతో సన్నని గీత గీసి, బల్ల మీద కాగితం పరిచి స్కేలు అదిమిపట్టాను. బ్లేడు ఒక్కసారే లాగాను. అంచు నిటారుగా వచ్చింది. కింది ముక్క మున్షీ సాబ్ చేతికిచ్చాను.

"ఇది మీదే సాబ్. ఇంకెవరికన్న పనికొస్తది."

ఆయన ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు. చూస్తుండగా ఆయన పెదాలు కదిలాయి, నవ్వో తిట్టో తెలియలేదు. బాపు ముందుకొచ్చి నా సంతకం ఆరేదాకా కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"చెడగొట్టుకున్నవురా," అన్నాడు మెల్లగా. తర్వాత కవరు తీసుకుని, తనే టపా ఆఫీసుకు నడిచాడు. బస్సుకు అందించాడు.

రెండు నెలల తర్వాత ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో కూర్చున్నాయన నా కాగితాలు బల్ల మీద రెండు పక్కపక్కన పెట్టి, పొట్టిదాన్ని పైకెత్తాడు. ఎలుక కొరికిందా అని అడిగాడు. ఎలుక అంత నిటారుగా కొరకదని పక్కనున్నాయన అన్నాడు. కోసింది నేనేనని చెప్పాను. అక్కడ ఏముండేదన్నాడు. మీ దీర్ఘాయువు కోసం ప్రార్థన ఉందండీ, అన్నాను. ఎందుకు తీసేశావని అడిగాడు. అది నేను రాసింది కాదని, అలా ప్రార్థించనని కూడా చెప్పాను.

ఎవరూ నవ్వలేదు. ఆయన కాగితం కింద పెట్టి, నా చివరి పేరా వేలితో తడుముతూ చదివాడు. ఆ తర్వాత అడిగినవన్నీ దానిమీదే. పంపు ఆపాక నీళ్లు మొదట వేగంగా ఊరి తర్వాత ఎందుకు నెమ్మదిస్తాయి? నాకు తోచింది చెప్పాను, ఖాయంగా తెలియదని కూడా చెప్పాను. మూడు బావులు మూడు రకాల లెక్కలు చూపిస్తే ఏం చేస్తావు? వేరువేరుగా వస్తేనే పని ఉంది, ఒకటే వస్తే ఒక బావి కొలిస్తే చాలు గదా, అన్నాను. టెక్నికల్ స్కూలు మార్కులు, మిల్లు, రాయపోల్ పంపు, వీటి మాట ఎత్తలేదు. అవి చదివేశారు.

చివర్లో, ఇంకేమైనా చెప్పుకునేది ఉందా అన్నారు. అప్పుడు మాత్రం బాపు కంఠం నా గొంతులోకి వచ్చింది. వయసు దాటిపోతుందని, ఇదే ఆఖరి అవకాశమని, చప్రాసీ కొడుకునని, దయచేసి, అని. ఆ మాటలన్నీ నిజాలే. నాలుక చివరదాకా వచ్చాయి. వాటిని మింగి, ప్రయోగశాలలో పంపును పరీక్షించే ఏర్పాటు ఉందా, ఉంటే పోయేముందు ఒకసారి చూడొచ్చా అని అడిగాను. ఉందన్నారు. ఒక మనిషినిచ్చి పంపించారు. బండెడు పైపుల మధ్య ఆ పంపును చూస్తూ నేను సీటు సంగతి కాసేపు మర్చిపోయాను.

సీటు వచ్చింది. ఉత్తరం బాపే కచేరీ నుంచి తెచ్చాడు. ముందు మున్షీ సాబ్‌తో చదివించుకుని తెచ్చాడని తర్వాత తెలిసింది. ఆ పొట్టి కాగితం చూసి జాలిపడి ఇచ్చి ఉంటారని మున్షీ సాబ్ అన్నాడట. ఆయన కట్టలు మాత్రం ఆగలేదు. నేను సెలవులకు వచ్చినప్పుడు వరండాలో అదే పని చేస్తున్నాడు, కొత్త రిబ్బనుతో.

ఆ సెలవులు ఎండాకాలంవి. కాలేజీ దగ్గరే ఉండి చదువుకుంటామన్న స్నేహితులను వదిలి ఊరికొచ్చాను. ఎవరూ రమ్మనలేదు. కాలేజీలో ఎవరూ ఆ కొలతల మాట అడగలేదు, బహుశా అడిగేవారూ కాదు. కాగితం మీద రాశాను గనక వచ్చాను. దయ చూపమని ముగించి ఉంటే దయ చూపిన రోజుతోనే ఆ కాగితానికీ నాకూ లెక్క తీరిపోయేది. నేను కొలుస్తానని ముగించాను. ఆ వాక్యం నన్ను రోహిణికార్తె ఎండలో బావిగట్టు మీద నిలబెట్టింది.

మొదటి రెండు బావులకు ఒక్కణ్నే పోయాను. మూడోది బెజ్జంకి దోవలో, మోటబావి. తాడుకు అడుగడుగుకూ ముడి వేసి, కొసకు ఇనుప గుండు కట్టాను. బాపు సెలవు పెట్టి వెంట వచ్చాడు. బిళ్ల ఇంట్లో వదిలి, తలకు రుమాలు చుట్టుకుని వచ్చాడు. నేను తాడు వదులుతుంటే వెనక కొస పట్టుకుని ముడులు లెక్కపెట్టసాగాడు.

బావి ఆసామి ఎడ్లను ఆపి, మోట తాడు మీద చెయ్యి వేసి మమ్మల్ని చాలాసేపు చూశాడు. పన్ను వేయడానికి వచ్చామేమోనని ఆయన భయం. చివరికి బాపును అడిగాడు.

"ఎవలు పంపిన్రు మిమ్ముల?"

బాపు ముడి మీద బొటనవేలు అలాగే ఉంచి తల ఎత్తాడు. కచేరీ పేరు చెబితే ఆసామి వెంటనే దారి ఇచ్చేవాడు. బాపు ఆ పేరు చెప్పలేదు.

"ఎవలు పంపలే. మావోడు కొలుస్తనని రాసిచ్చిండు. గందుకే వచ్చినం. నువ్వు మోట కొట్టు, ఆపమన్నప్పుడు ఆపు."

ఆసామి ఎడ్లను అదిలించాడు. తోలు బొక్కెన దిగింది. బాపు ముడి మీది వేలు తీయకుండా నా వైపు చూసి, వదులు అన్నాడు.